స్కానింగ్‌కు గ్యాస్ ఎందుకు అడ్డొస్తుంది?

కడుపు స్కానింగ్ రిపోర్టులు దాదాపు అన్నీ ఒకే వరసలో సాగుతాయి. లివర్ సైజు ఇంత, గాల్‌బ్లాడర్ ఇలా ఉంది, కిడ్నీలు బాగున్నాయి. మధ్యలో ఒక్కోసారి ఒక వాక్యం దగ్గర చదివేవాళ్లు ఆగిపోతారు: ‘పాంక్రియాస్ అబ్‌స్క్యూర్డ్ బై బవెల్ గ్యాస్’. పేగుల్లో ఉన్న గ్యాస్ అడ్డొచ్చి క్లోమం కనిపించలేదని దాని అర్థం. అది చూసి కొందరు తమకు గ్యాస్ జబ్బు పట్టుకుందనుకుని మందుల షాపుకు వెళతారు. ఇంకొందరు డాక్టరు సరిగా చూడలేదని, డబ్బు దండగైందని నొచ్చుకుంటారు. రెండూ నిజం కాదు. పేగుల్లో గ్యాస్ అందరికీ ఉంటుంది. దాని వెనకున్నదాన్ని ఎంత ఖరీదైన అల్ట్రాసౌండ్ యంత్రమైనా, ఎంత అనుభవమున్న రేడియాలజిస్ట్ అయినా చూడలేరు. ఆ వాక్యం శబ్దానికి ఉన్న ఒక హద్దును నిజాయతీగా నమోదు చేస్తోంది.

ఆ హద్దు ఎక్కడిదో తెలియాలంటే ముందు బొమ్మ ఎలా పుడుతుందో చూడాలి.

లోతైన బావిలోకి వంగి కేక వేస్తే, కేక నీటికి తగిలి తిరిగి వస్తుంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి, నీళ్లు 17 మీటర్ల లోతున ఉంటే ప్రతిధ్వని సెకనులో పదోవంతుకు చెవిని చేరుతుంది. ఆలస్యాన్ని కొలవగలిగితే లోతు చెప్పొచ్చు. అల్ట్రాసౌండ్ యంత్రం చేసే పనంతా ఈ లెక్క మీదే నిలబడి ఉంది. కాకపోతే అది వేసే కేక మనిషి చెవికి వినపడదు. మనం వినగలిగే గరిష్ఠం సెకనుకు 20 వేల కంపనాలు. కడుపు స్కానింగ్‌కు వాడే శబ్దం సెకనుకు 35 లక్షల సార్లు కంపిస్తుంది. దాన్నే 3.5 మెగాహెర్ట్జ్ అంటారు.

డాక్టరు చేతిలో ఉండే ప్రోబ్ ముఖం లోపల సన్నని పింగాణీ లాంటి పదార్థపు ముక్కలు వరసగా వంద, రెండు వందల దాకా ఉంటాయి. వాటికి కరెంటు తగిలిస్తే కంపిస్తాయి. వాటిని ఏదైనా కంపింపజేస్తే కరెంటు పుట్టిస్తాయి. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని ఫ్రాన్స్‌లో పియరీ క్యూరీ, ఆయన అన్న జాక్ 1880లో కనిపెట్టారు. ఆ గుణం వల్లే ప్రోబ్‌కు నోరూ చెవీ వేర్వేరుగా అక్కర్లేదు. ఒక ముక్క రెండు మూడు కంపనాల పొట్టి కేక వేస్తుంది, వెంటనే నోరు మూసుకుని వింటుంది. నిజానికి యంత్రం ఎక్కువసేపు చేసేది వినడమే.

ఒంట్లోని మెత్తని కండ, కొవ్వు, అవయవాల్లో శబ్దవేగం సగటున సెకనుకు 1540 మీటర్లు. యంత్రం ఈ ఒక్క అంకెను నమ్ముకుంటుంది. ఆ వేగంతో ఒక సెంటీమీటరు లోతుకు వెళ్లి రావడానికి సెకనులో పది లక్షల వంతులు 13 పడతాయి. 26 వంతుల తర్వాత వచ్చిన ప్రతిధ్వని రెండు సెంటీమీటర్ల లోతు నుంచి వచ్చినట్టు. 130 వంతుల తర్వాత వచ్చింది పది సెంటీమీటర్ల నుంచి. ఎంత ఆలస్యంగా వస్తే అంత కింద ఒక చుక్క పెట్టడం, ఎంత గట్టిగా వినిపిస్తే చుక్కను అంత తెల్లగా వేయడం. ఇలా ఒక నిలువు గీత పూర్తవుతుంది. పక్క ముక్కలతో మరో కేక, మరో గీత. 128 గీతలు పక్కపక్కన చేరితే ఒక బొమ్మ. 16 సెంటీమీటర్ల లోతు దాకా చూసే బొమ్మ సెకనులో 37వ వంతుకల్లా తయారవుతుంది. అందుకే తెర మీద గుండె కొట్టుకోవడం, కడుపులో బిడ్డ కాలు విసరడం సినిమాలా కనిపిస్తాయి.

ఇక్కడ ఒక చిక్కుంది. శబ్దం లోపలికి పోయే కొద్దీ కండ దాన్ని తాగేస్తుంది. లోతు నుంచి వచ్చే ప్రతిధ్వని చాలా బలహీనంగా ఉంటుంది. దీన్ని అలాగే వదిలేస్తే బొమ్మ పైన తెల్లగా, కింద నల్లగా మారిపోతుంది. అందుకని యంత్రం ఆలస్యంగా వచ్చిన ప్రతిధ్వనులను మరింతగా పెంచి వేస్తుంది. యంత్రం పలక మీద ఒకదాని కింద ఒకటి ఉండే చిన్న మీటలు ఇందుకే. ఈ పెంపకం సంగతి కాసేపటికి మళ్లీ పనికొస్తుంది.

ప్రతిధ్వని అసలు ఎక్కడ పుడుతుంది? ఒక పదార్థం ముగిసి ఇంకొకటి మొదలయ్యే చోట. అయితే ఆ రెండిటి సాంద్రతలో, వాటిలో శబ్దం పోయే వేగంలో తేడా ఉండాలి. ఆ తేడా కొంచెమే అయితే కొంచెమే వెనక్కొస్తుంది, మిగతాది ముందుకు పోతుంది. కొవ్వు ముగిసి కండరం మొదలయ్యే చోట తిరిగొచ్చేది సుమారు ఒక శాతం. లివర్‌కూ కిడ్నీకీ మధ్య వెయ్యిలో ఒక వంతు కూడా రాదు. ఇంత తక్కువ రావడం లోపమనిపిస్తుంది గానీ, స్కానింగ్‌కు ప్రాణం పోసేది అదే. ప్రతి పొర దగ్గరా కాస్త మాత్రమే వెనక్కొస్తేనే వెనకున్న పొరలకు శబ్దం మిగులుతుంది. పిత్తం, మూత్రం వంటి ద్రవాల లోపల పొరలే ఉండవు కాబట్టి ప్రతిధ్వని ఉండదు. తెర మీద అవి నల్లగా కనిపిస్తాయి.

ద్రవం నల్లగా కనిపించడమనే ఈ చిన్న విషయంతోనే వైద్యంలో అల్ట్రాసౌండ్‌కు నమ్మకం కుదిరింది. గ్లాస్గోలో ప్రసూతి వైద్య ఆచార్యుడు ఇయాన్ డోనల్డ్ 1955లో శస్త్రచికిత్సలో తీసిన గడ్డలను కారు డిక్కీలో వేసుకుని దగ్గర్లోని బాయిలర్ల కర్మాగారానికి వెళ్లాడు. అక్కడ లోహంలో పగుళ్లు వెతకడానికి వాడే శబ్ద పరికరం ఉంది. దాంతో చూస్తే ద్రవంతో నిండిన తిత్తి, గట్టి గడ్డ వేర్వేరు ప్రతిధ్వనులు ఇచ్చాయి. కొంతకాలానికి, కడుపులో క్యాన్సర్ ముదిరిపోయిందనుకున్న ఒక స్త్రీకి ఆయన అల్ట్రాసౌండ్ చేస్తే తేలింది పెద్ద అండాశయపు నీటి తిత్తి. శస్త్రచికిత్సతో దాన్ని తీసేశారు. డోనల్డ్, జాన్ మెక్‌వికర్, ఇంజినీర్ టామ్ బ్రౌన్ కలిసి 1958లో ‘లాన్సెట్’ పత్రికలో రాసిన వ్యాసంతో ఈ పద్ధతిని ప్రపంచం పట్టించుకుంది.

తేడా కొంచెం కాకుండా విపరీతంగా ఉంటే ఏమవుతుంది? గాలి విషయంలో జరిగేది అదే. గాలి సాంద్రత కండతో పోలిస్తే దాదాపు ఏమీ లేనట్టే, అందులో శబ్దవేగం కూడా ఐదో వంతే. కండ నుంచి గాలిలోకి పోబోయిన శబ్దంలో 99.9 శాతం అక్కడే వెనుదిరుగుతుంది. గాలి పొర మందం ఎంతన్నది దాదాపు లెక్కలోకి రాదు. కాగితం కంటే పల్చని పొర చాలు.

అలాంటి పొర ప్రతి మనిషి చర్మం మీదా ఉంటుంది. ప్రోబ్‌ను పొడి చర్మం మీద ఎంత నొక్కినా రోమాల మధ్య, చర్మపు గరుకులో సన్నని గాలి మిగులుతుంది. కేక ప్రోబ్ దాటకముందే తిరిగొస్తుంది. జెల్ పూసేది ఆ గాలిని వెళ్లగొట్టడానికే. చాలామంది అనుకున్నట్టు అది మందు కాదు, ప్రోబ్ జారడానికి రాసే నూనె మాత్రమే కూడా కాదు. అందులో ఎక్కువ భాగం నీళ్లే. నీళ్లలో శబ్దం దాదాపు కండలో పోయినట్టే పోతుంది. కాకపోతే ఉత్త నీళ్లు పొట్ట మీద నిలవవు, జారిపోతాయి, ఆరిపోతాయి. అందుకని చిక్కదనం తెచ్చే పదార్థం, తడి ఆరకుండా గ్లిసరిన్ లాంటిది కలుపుతారు. జెల్ రాకముందు ఈ ఇబ్బంది ఇంకా పెద్దది. అమెరికాలోని డెన్వర్‌లో డగ్లస్ హౌరీ 1950ల్లో మనిషిని నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి, ప్రోబ్‌ను చుట్టూ తిప్పి బొమ్మలు తీశాడు. బొమ్మలు బాగానే వచ్చాయి గానీ, జబ్బుతో ఉన్నవాళ్లను తొట్టిలో ముంచడం అయ్యే పని కాదు. గ్లాస్గోలో డోనల్డ్ బృందం చర్మానికి ఆలివ్ నూనె పూసి ఆ తొట్టిని వదిలించుకుంది.

జెల్ చాలకపోతే తెర మీద వెంటనే తెలుస్తుంది. బొమ్మలో ఒక పక్క పై నుంచి కింది దాకా నల్లటి పట్టీ దిగుతుంది. అసలు జెల్లే లేకపోతే తెర పైభాగంలో సమాన దూరాల్లో కొన్ని తెల్లటి గీతలు మాత్రం కనిపించి, కింద అంతా చీకటి. కేక ప్రోబ్ ముఖానికీ గాలికీ మధ్య అటూ ఇటూ కొట్టుకుని పదేపదే చెవిన పడటం వల్ల వచ్చే గీతలవి. టెక్నీషియన్లు దీన్ని పనికి వాడుకుంటారు. ప్రోబ్‌ను తుడిచి ఊరికే గాలిలో పట్టుకుంటే ఆ గీతలు ఎడం నుంచి కుడికి తెగకుండా రావాలి. ఎక్కడైనా తెగితే అక్కడి ముక్క చెడిపోయిందన్నమాట.

ఇప్పుడు ఒక మామూలు కేసు తీసుకుందాం. 42 ఏళ్ల గృహిణి. పెళ్లి భోజనంలో నూనె వంటకాలు తిన్న రెండు గంటలకు కుడి డొక్క పైన పట్టేసినట్టు నొప్పి, వీపు వైపు పాకింది. ఇది రెండోసారి. ఈసారి కళ్లు కొద్దిగా పచ్చబడ్డాయి. గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయేమోనని డాక్టరు స్కానింగ్ రాశారు. పరగడుపున రమ్మన్నారు.

పరగడుపు షరతు ఊరికే పెట్టింది కాదు. ఏదైనా తిన్న వెంటనే గాల్‌బ్లాడర్ ముడుచుకుని తనలోని పిత్తాన్ని పేగులోకి వదిలేస్తుంది. ముడుచుకున్న సంచిలో రాయిని గుర్తుపట్టడం కష్టం. ఆరేడు గంటలు ఏమీ తినకపోతే సంచి పిత్తంతో ఉబ్బి, నల్లటి బేరిపండు ఆకారంలో స్పష్టంగా నిలుస్తుంది. తిండితోపాటు మింగే గాలి కూడా తగ్గుతుంది. ఇదే పద్ధతిలో గర్భాశయం చూడాలంటే నీళ్లు తాగి మూత్రం బిగబట్టుకోమంటారు. నిండిన మూత్రాశయం పేగులను పక్కకు తోసి, శబ్దానికి నీటి దారి ఇస్తుంది. అది కూడా డోనల్డ్ 1960ల్లో ప్రచారంలోకి తెచ్చిన ఉపాయమే.

తర్వాత ప్రోబ్ ఎంపిక. గదిలో రెండు మూడు రకాలు వేలాడుతుంటాయి. ముఖం గుండ్రంగా వంగినది కడుపుకు, 3.5 మెగాహెర్ట్జ్ దరిదాపుల్లో పనిచేస్తుంది. ముఖం చదునుగా ఉన్నది థైరాయిడ్‌కు, రొమ్ముకు, చర్మం కిందే ఉండే రక్తనాళాలకు, 10 మెగాహెర్ట్జ్ ఆ పైన. శబ్దం ఎంత వేగంగా కంపిస్తే దాని అల అంత పొట్టిది, అంత చిన్న వివరం పట్టుకుంటుంది. 3.5 దగ్గర అల పొడవు 0.44 మిల్లీమీటర్లు, 10 దగ్గర 0.15. అలాంటప్పుడు అందరికీ 10 మెగాహెర్ట్జ్ ప్రోబే వాడి మంచి బొమ్మ తీయొచ్చు కదా అనిపిస్తుంది.

తీయలేరు. కంపనం పెరిగే కొద్దీ కండ శబ్దాన్ని తాగేయడమూ అదే పాళ్లలో పెరుగుతుంది. 3.5 మెగాహెర్ట్జ్ శబ్దం ప్రతి 1.7 సెంటీమీటర్ల ప్రయాణానికి సగమవుతుంది. 10 మెగాహెర్ట్జ్ శబ్దం 6 మిల్లీమీటర్లకే సగమవుతుంది. లివర్‌లో 12 సెంటీమీటర్ల లోతున ఉన్నదాన్ని చూడాలనుకోండి. రానూపోనూ 24 సెంటీమీటర్లు. మొదటి ప్రోబ్ శబ్దం 14 సార్లు సగమై, 16 వేలలో ఒక వంతు మిగులుతుంది. దాన్ని యంత్రం పెంచి చూపగలదు. రెండో ప్రోబ్ శబ్దం 40 సార్లు సగమై లక్ష కోట్లలో ఒక వంతుకు పడిపోతుంది. అది యంత్రం సొంత విద్యుత్ గోలలో కలిసిపోతుంది. ఎంత పెంచినా తెర మీద బూడిద రంగు పొగే తప్ప బొమ్మ రాదు. అదే 10 మెగాహెర్ట్జ్ శబ్దం థైరాయిడ్ దాకా రెండు సెంటీమీటర్లు వెళ్లి వస్తే వందో వంతు మిగులుతుంది, అది పుష్కలం. బొజ్జ బాగా పెరిగినవాళ్ల రిపోర్టుల్లో బొమ్మ మసకగా ఉందని రాయడానికీ కారణం ఈ దూరమే. అవయవం చేరేలోపే శబ్దం చాలాసార్లు సగమైపోతుంది. దాన్ని చేరుకోవాలంటే కంపనాన్ని తగ్గించాలి, అప్పుడు వివరం తగ్గుతుంది. ఈ బేరం నుంచి ఏ ప్రోబూ తప్పించుకోలేదు.

మన గృహిణికి గుండ్రని ప్రోబ్ పెట్టారు. కుడి డొక్క మీద ఆనించగానే లివర్ బూడిద రంగులో కనిపించింది, దాని మీదుగా నిలువునా నల్లటి పట్టీలు. అవి పక్కటెముకల నీడలు. ఎముక గాలి అంత మొండిది కాదు. దాని ముందు తిరిగొచ్చే శబ్దం సుమారు 40 శాతమే. మిగిలింది లోపలికి పోతుంది గానీ, ఎముక దాన్ని మెత్తని కండ కంటే పదుల రెట్లు ఎక్కువగా తాగేస్తుంది. పైగా ఎముకలో శబ్దం రెండు రెట్లకు మించిన వేగంతో పోతుంది. 1540 అనుకుని లెక్కేసే యంత్రానికి దాన్ని దాటి వచ్చిన కాస్త ప్రతిధ్వనిని కూడా ఎక్కడ పెట్టాలో తెలియదు. దాటడం కుదరదు కాబట్టి రేడియాలజిస్టులు తప్పుకుని పోతారు. ‘ఊపిరి బాగా పీల్చి పట్టుకోండి’ అన్నది అందుకే. ఊపిరి నిండితే లివర్, దాని కింద వేలాడే గాల్‌బ్లాడర్ పక్కటెముకల చాటు నుంచి కిందికి దిగుతాయి.

ఎముక సంగతి పట్టించుకోకపోతే ఏమవుతుందో చరిత్రలో ఒక పెద్ద ఉదాహరణ ఉంది. ఆస్ట్రియాకు చెందిన నాడీ వైద్యుడు కార్ల్ డూసిక్, అల్ట్రాసౌండ్‌ను వైద్యానికి వాడాలని ప్రయత్నించిన తొలి వ్యక్తుల్లో ఒకడు. 1940ల్లో ఆయన తలకు ఒక పక్క నుంచి శబ్దం పంపి, రెండో పక్క ఎంత వచ్చిందో కొలిచి చిత్రాలు తయారుచేశాడు. వాటిలో కనిపించిన ఆకారాలు మెదడులోని ద్రవం నిండిన గదులని ప్రకటించాడు. నిజంగానే అలా కనిపించాయి. 1950ల మొదట్లో జర్మనీలో పరిశోధకులు మెదడు లేని పుర్రెను నీటిలో ఉంచి అదే పద్ధతిలో చూశారు. అలాంటి ఆకారాలే వచ్చాయి! డూసిక్ చూసింది పుర్రె ఎక్కడ మందం, ఎక్కడ పల్చన అన్నదాన్ని. ఆయన ఆలోచనలో చొరవ గొప్పదే. కానీ కనిపించిన ఆకారం ఎదుట ఉన్న అడ్డు నుంచి వచ్చిందా, వెనకున్న అవయవం నుంచి వచ్చిందా అని తేల్చుకోనిదే బొమ్మను నమ్మకూడదని ఆ ఖాళీ పుర్రె గట్టిగా చూపించింది. ఈనాటికీ పెద్దవాళ్ల మెదడును అల్ట్రాసౌండ్‌తో వివరంగా చూడలేరు. కణత దగ్గర ఎముక పల్చగా ఉంటుంది కాబట్టి అక్కడి నుంచి 2 మెగాహెర్ట్జ్ శబ్దంతో పెద్ద రక్తనాళాల్లో ప్రవాహాన్ని కొలుస్తారు. పసిపిల్లలకు మాత్రం మాడు ఇంకా పూడదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ మెదడులో రక్తస్రావం జరిగిందేమో ఆ మెత్తని చోట ప్రోబ్ పెట్టి, బిడ్డను ఇంక్యుబేటర్‌లోంచి కదపకుండానే చూసేస్తారు.

ఊపిరి బిగబట్టాక గాల్‌బ్లాడర్ నల్లగా, పూర్తిగా కనిపించింది. అడుగున ఒక తెల్లటి వంపు గీత, దాని కింద నుంచి తెర చివరిదాకా చీకటి గీత. రాయి అని చెప్పడానికి ఈ నీడే ముఖ్యమైన ఆధారం. రాయి శబ్దంలో కొంత తిప్పికొట్టి, మిగతాది తాగేస్తుంది. దాని వెనక్కి ఏమీ చేరదు. చిత్రమేమిటంటే రాయి పక్కనే, గాల్‌బ్లాడర్ వెనకున్న లివర్ మామూలు కంటే తెల్లగా కనిపిస్తుంది. అక్కడ జబ్బేమీ లేదు. పిత్తం శబ్దాన్ని దాదాపు తాగదు. యంత్రానికి ఆ సంగతి తెలియదు, అంత లోతు నుంచి వచ్చింది కదా అని ఎప్పటిలాగే పెంచి వేసింది. అవసరం లేని పెంపకం తెల్లదనంగా తేలింది. ఇది తెలిసినవాళ్లకు ఆ తెల్లదనమే ముందున్నది ద్రవమని చెప్పే సాక్ష్యం.

ఇక్కడితో ఆగరు. ఆమెను ఎడమ పక్కకు తిరగమన్నారు. తెల్లటి గీత దొర్లి కిందికి జరిగింది. రాయి దొర్లుతుంది, గోడకు అంటుకున్న పాలిప్ కదలదు. రాయి మరీ చిన్నదైతే, రెండు మిల్లీమీటర్లలోపుంటే, శబ్దపు కిరణం దానికంటే వెడల్పుగా ఉండి పక్కల నుంచి దాటిపోతుంది, నీడ పడదు. అప్పుడు కంపనం కాస్త పెంచి, కిరణం సన్నబడే చోటును సరిగ్గా రాయి లోతుకు జరుపుతారు. చాలాసార్లు నీడ అప్పుడు బయటపడుతుంది.

ఇంకొక మోసం ఉంది. గాల్‌బ్లాడర్‌ను ఆనుకునే చిన్నపేగు మొదటి భాగం ఉంటుంది. అందులోని గ్యాస్ బుడగ కూడా తెల్లగా మెరిసి, వెనక నీడ వేస్తుంది. తొందరపడితే రాయిగా పొరబడొచ్చు. తేడా నీడలోనే ఉంది. రాయి నీడ నల్లగా, అంచులు తెగినట్టు శుభ్రంగా ఉంటుంది. గ్యాస్ నీడ బూడిద రంగులో మురికిగా ఉంటుంది. గ్యాస్ దాదాపు మొత్తం శబ్దాన్ని తిప్పికొడుతుంది కాబట్టి అది ప్రోబ్‌కూ బుడగకూ మధ్య మళ్లీ మళ్లీ తిరుగుతుంది. ఆ ఆలస్యపు ప్రతిధ్వనులను యంత్రం లోతు నుంచి వచ్చినవనుకుని నీడలో చల్లేస్తుంది. అర నిమిషం అలాగే చూస్తే ఇంకో తేడా కూడా తెలుస్తుంది. పేగు కదులుతుంది, బుడగ రూపం మారుతుంది.

ఇలా లేనిది చూపించే ప్రతిధ్వనులను కూడా చదవడం నేర్చిన చోటు ఊపిరితిత్తి. అది గాలి సంచి, లోపలికి చూడటం కుదరదు. కానీ దాని ఉపరితలం ఛాతీ గోడ కింద ఊపిరితో పాటు జారడం మెరిసే గీతలా కనిపిస్తుంది. ప్రమాదంలో ఛాతీకి దెబ్బ తగిలి, ఊపిరితిత్తికీ గోడకూ మధ్య గాలి చేరితే ఆ జారుడు ఆగిపోతుంది. అత్యవసర విభాగాల్లో డాక్టర్లు ఇప్పుడు దీన్ని మంచం పక్కనే చూస్తున్నారు.

గృహిణి కేసులో రాళ్లు తేలాయి. గాల్‌బ్లాడర్ రాళ్లను పట్టడంలో అల్ట్రాసౌండ్‌ను మించిన తేలికైన పరీక్ష లేదు. చాలా రాళ్లు సీటీ స్కాన్‌లో కూడా పిత్తం రంగులోనే కలిసిపోతాయి, ఇక్కడ మాత్రం దొరికిపోతాయి. కానీ ఆమె కళ్లు పచ్చబడటానికి కారణం ఇంకా తేలలేదు. సంచిలో ఉన్న రాయి కామెర్లు తేవడం అరుదు. ఒకటి జారి, పిత్తాన్ని పేగులోకి తీసుకెళ్లే నాళంలో ఇరుక్కుంటే కామెర్లు వస్తాయి. డాక్టరు ఆ నాళాన్ని పై నుంచి అనుసరించారు. లివర్ వెనక స్పష్టంగా ఉంది, వెడల్పు 9 మిల్లీమీటర్లు. ఆ వయసుకు 6 దాకా ఉండొచ్చు. కిందికి వస్తుంటే నాళం చిన్నపేగు వెనక్కి, క్లోమం తల భాగంలోకి దిగింది. సరిగ్గా అక్కడ తెల్లటి గ్యాస్ గీత, దాని వెనక మురికి నీడ. రాయి ఇరుక్కోవడానికి ఎక్కువ అవకాశమున్నది నాళం చివరిలోనే. ఆ చివరే కనిపించలేదు.

గ్యాస్‌ను ఓడించలేకపోయినా పక్కకు నెట్టడానికి కొన్ని దారులున్నాయి. ప్రోబ్‌తో నెమ్మదిగా, గట్టిగా నొక్కితే పేగులోని గాలి అటూ ఇటూ తప్పుకుంటుంది. అప్పుడు రోగికి కాస్త నొప్పిగా ఉంటుంది, డాక్టరు కావాలని చేస్తున్న పని అది. కూర్చోబెడితే గాలి పైకి లేస్తుంది. రెండు గ్లాసుల నీళ్లు తాగించి పక్కకు తిప్పితే పొట్టలోకి, చిన్నపేగులోకి నీళ్లు చేరి గాలి ఉన్న చోటే శబ్దానికి దారి ఏర్పడుతుంది. ఆమెకు ఈ మూడూ చేశారు. క్లోమం తల సగం బయటపడింది. నాళం చివరి రెండు సెంటీమీటర్లు మాత్రం చిక్కలేదు.

రిపోర్టులో ఇలా రాశారు: గాల్‌బ్లాడర్‌లో రాళ్లు ఉన్నాయి, పిత్తనాళం వెడల్పయింది, దాని చివరి భాగం గ్యాస్ వల్ల కనిపించలేదు. ఈ మూడో ముక్కను ‘అక్కడ రాయి లేదు’ అని చదివితే ప్రమాదం. అలా చదివి సంచిని మాత్రం తీసేసి పంపితే, నాళంలోని రాయి మిగిలిపోయి మళ్లీ కామెర్లు, చలిజ్వరం, కొందరిలో క్లోమం వాపు తెస్తుంది. ‘చూశాం, లేదు’ అనేది ఒకటి, ‘చూడలేకపోయాం’ అనేది ఇంకొకటి. రిపోర్టు చేతికొచ్చాక డాక్టరును అడగాల్సిన ప్రశ్న కూడా అదే: కనిపించని ఆ భాగం నా నొప్పికి సంబంధించిందేనా? నడుం నొప్పికి చేయించిన స్కానింగ్‌లో క్లోమం తోక కనిపించకపోతే చాలాసార్లు పట్టించుకోనక్కర్లేదు. పచ్చకళ్లతో వచ్చిన మనిషికి నాళం చివర కనిపించకపోతే వేరే పరీక్ష చేయాల్సిందే.

శబ్దంతో పనిలేని ఎమ్మారై ఒక దారి. రెండో దారి అల్ట్రాసౌండే, కానీ లోపలి నుంచి. ఎండోస్కోపీ గొట్టం కొసకు చిన్న ప్రోబ్ అమర్చి, నోటి ద్వారా పొట్ట దాటించి చిన్నపేగులోకి దించుతారు. పేగులోని గాలిని పీల్చేసి, ప్రోబ్‌ను గోడకు ఆనిస్తారు. ఇప్పుడు నాళం గోడకు అవతలే ఉంది, దూరం ఒకటి రెండు సెంటీమీటర్లు. మధ్యలో గాలి లేదు, పక్కటెముక లేదు, బొజ్జ లేదు. దూరం తగ్గింది కాబట్టి కంపనాన్ని 7.5 మెగాహెర్ట్జ్ దాకా, ఆ పైకి కూడా పెంచుకోవచ్చు. బయటి నుంచి ఏ మూడు అడ్డంకులైతే చూపును ఆపాయో ఆ మూడూ ఒక్క ఎత్తున తప్పిపోయాయి. గృహిణి నాళం చివర నాలుగు మిల్లీమీటర్ల తెల్లటి చుక్క, దాని వెనక సన్నని, శుభ్రమైన నల్ల నీడ కనిపించాయి. ఎండోస్కోపీ దారిలోనే నాళం మూతి కొద్దిగా కోసి, చిన్న బెలూన్‌తో ఆ రాయిని పేగులోకి లాగేశారు. గాల్‌బ్లాడర్ ఆపరేషన్ ఆ తర్వాత చేశారు.